కరిచింది పిక్క మీద, సూది వేసింది భుజానికి: రేబిస్ టీకా కరిచిన తరువాత వేసినా ఎలా పనిచేస్తుంది?

1. వంశధార_రైతు

మాది నరసన్నపేట దగ్గరి పల్లె. మొన్న ఆదివారం సాయంత్రం మా మేనల్లుడిని, ఏడేళ్ళవాడిని, వీధికుక్క ఒకటి పిక్క మీద కరిచింది. రెండు పళ్ళు లోతుగా దిగాయి. అదే కుక్క అంతకు అరగంట ముందు మా వీధి చివరి ఇంటి పెద్దాయనను పెదవి మీదా చెంప మీదా కరిచిందట. ఊరివాళ్ళు దానిని కొట్టి చంపి జీడితోటలో పూడ్చివేశారు. పిల్లవాడిని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. రెండు భుజాలకూ చర్మంలోనే చిన్న సూదులు వేశారు. అది కాక వేరొక మందును గాయం లోపలా చుట్టూ గుచ్చి గుచ్చి ఎక్కించారు. వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. మళ్ళీ 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రమ్మన్నారు.

ఇంటికి రాగానే మా అమ్మ రెండు ప్రశ్నలు వేసింది, నేను దేనికీ జవాబు చెప్పలేకపోయాను. కాలికి కరిస్తే మందు భుజానికి ఎందుకు వేస్తారన్నది మొదటిది. తట్టు టీకా అయినా పోలియో చుక్కలైనా జబ్బు రాకముందే వేస్తారు గదా, విషం ఒంట్లోకి దిగిన తరువాత, అదీ నెల రోజులపాటు వాయిదాల మీద వేసే టీకా ఏం పనిచేస్తుందన్నది రెండవది. తెలిసినవారు అర్థమయ్యేలా చెప్పండి, నేను ఆమెకు చదివి వినిపించాలి.

2. గాలిపటం_72

రేబిస్ వైరస్ రక్తంలో కాకుండా నరాల వెంట ప్రయాణం చేస్తుంది. ఆ నడక చాలా మెల్లగా ఉంటుంది కాబట్టి కాలి నుండి మెదడుకు చేరడానికి నెలలు పడుతుంది. ఈలోగా టీకా మందు కూడా నరం వెంట వెళ్ళి, దారిలో దానిని పట్టుకొని చంపేస్తుంది. భుజం మెదడుకు దగ్గర కాబట్టి అక్కడ వేస్తే టీకా ముందుగా వెళ్ళి దారి కాస్తుంది. మీ అమ్మగారికి ఇలా చెప్పండి.

3. పలాస_జీడిపిక్క

నా చిన్నప్పుడు నన్ను కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. రోజుకొకటి చొప్పున నాన్న సైకిల్ మీద తీసుకువెళ్ళేవారు. ఇప్పుడు నాలుగు వాయిదాలతో సరిపోతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. మరొక సంగతి, కిందటి నెలలో మా గేదెను పిచ్చికుక్క కరిచింది. తెలియక మేము దాని పాలు కాచుకొని తాగాము. మేము కూడా ఈ సూదులు వేయించుకోవాలా?

4. సబ్‌సెంటర్_సిస్టర్

కాచిన పాలతో రేబిస్ సోకదు, దిగులు పడకండి. గేదె ఎలా ఉన్నదో మాత్రం పశువుల డాక్టరుకు చూపించండి, దాని నోట్లో చేయి పెట్టకండి.

వంశధార గారూ, అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్పండి. పిల్లవాడి గాయాన్ని సబ్బుతో కడిగారా, ఎంతసేపు కడిగారు? ఆ పెద్దాయన ఆసుపత్రికి వెళ్ళారా?

5. వంశధార_రైతు

చెల్లెలు కుళాయి కింద ఐదు నిమిషాలు కడిగిందట. ఆసుపత్రిలో మళ్ళీ పావుగంట కడిగారు. పెద్దాయన మాత్రం వెళ్ళలేదు. చెంప మీద సున్నం, కారం పెట్టుకొని, పక్క ఊరిలో పసరు మందు మింగి, పథ్యం చేస్తున్నారు.

6. సబ్‌సెంటర్_సిస్టర్

ఈ చర్చ తరువాత చదువుకోవచ్చు, ముందు ఆయనను బండి ఎక్కించండి. ముఖం మీది గాటు పిక్క మీది గాటు లాంటిది కాదు. ఆ సున్నమూ కారమూ సబ్బు నీళ్ళతో కడిగించి తీసుకువెళ్ళండి. గాయానికి కుట్లు వేయమని మీరు అడగవద్దు.

7. సాలూరు_లెక్కలు

నేను లెక్కల మాస్టారిని, వైద్యం తెలియదు. కానీ గాలిపటం గారి జవాబులో లెక్క కుదరడం లేదు. వైరస్ నరంలో రోజుకు దాదాపు 50 నుండి 100 మిల్లీమీటర్ల దూరం పోతుందని నేను చదివాను. ఏడేళ్ళ పిల్లవాడి పిక్క నుండి వెన్నుపాముకు అర మీటరు ఉంటుందనుకుందాం, అంటే 500 మిల్లీమీటర్లు. తక్కువ వేగంతో లెక్కించినా 10 రోజుల ప్రయాణం. పెద్దవారి పాదం నుండి ఒక మీటరు అనుకుంటే 20 రోజులు. కానీ కరిచిన రెండు మూడు నెలలకు జబ్బు బయటపడటం మామూలు అనీ, ఏడాది పట్టిన సందర్భాలు కూడా ఉన్నాయనీ అంటారు. దారి 20 రోజులదే అయితే మిగిలిన రెండు నెలలు ఆ వైరస్ ఎక్కడ ఉన్నట్టు?

8. గాలిపటం_72

మాస్టారూ, మీరు చెప్పిన వేగం ప్రయోగశాలలోది అయి ఉండవచ్చు. ఒంట్లో అంతకన్నా మెల్లగా నడుస్తుందేమో.

9. సూక్ష్మదర్శిని

వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి, ఇప్పుడు విజయనగరంలో విశ్రాంతిగా ఉన్నాను. మాస్టారు అడిగిన ప్రశ్నలోనే వంశధార గారి అమ్మగారి ప్రశ్నకు జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి. మనం నరం అన్న మాటను రెండింటికీ వాడుతాం. సూది గుచ్చి రక్తం తీసేదీ నరమే, స్పర్శను మోసేదీ నరమే. అందుకే పాము కరిచినట్టు భావించి కాలికి తాడు బిగించేవారు ఉన్నారు. రేబిస్ వైరస్ వెళ్ళేది రెండో రకం నరంలో. అది రక్తంలో తిరగదు కాబట్టి తాడు కట్టడం వల్ల లాభం లేదు, హాని ఉంది.

కుక్క పంటితో పాటు దాని లాలాజలం కండలోకి దిగుతుంది. అందులోని వైరస్ తూటా ఆకారంలో ఉంటుంది, దాని ఒంటి నిండా ముళ్ళ వంటి ప్రోటీన్ ఉంటుంది. కండకూ నరానికీ మధ్య ఒక కలయిక స్థలం ఉంది, మెదడు పంపే ఆజ్ఞ కండకు అందేది అక్కడే. వైరస్ తన ముళ్ళతో అక్కడి గ్రాహకాలను పట్టుకొని నరం కొనలోకి జారుకుంటుంది. పిక్కలోని ఆ నరం కొన ఏ కణానిదో, ఆ కణం అసలు శరీరం వెన్నుపాములో ఉంటుంది. అంటే ఒకే కణం నడుము నుండి పిక్క వరకు సాగి ఉంటుంది. అంత పొడవైన కణానికి లోపల సరకు రవాణా తప్పదు. సన్నని గొట్టాలే పట్టాలుగా, డైనీన్ అనే ప్రోటీన్ బండిగా, కొన నుండి కణం శరీరానికి నిత్యం సరకు వెనక్కు వెళుతుంది. వైరస్‌కు సొంత కాళ్ళు లేవు, ఆ బండి ఎక్కి వెళుతుంది. ఈ పట్టాలను చెదరగొట్టే కొల్చిసిన్ అనే మందు ఇస్తే ప్రయోగ జంతువుల నరంలో దాని ప్రయాణం ఆగిపోవడం చూశారు. ఎలుకల పాదంలో వైరస్ ఎక్కించే ముందే తొడ వెనుక నరాన్ని తెంచితే, జబ్బు మెదడుకు చేరలేదు. రక్తమే దారి అయితే నరం తెంచినందువల్ల తేడా వచ్చేది కాదు.

ఇక మాస్టారి లెక్క. అది సరైనదే. బండి ఎక్కిన తరువాత ప్రయాణం రోజులదే గాని నెలలది కాదు. పలాస నుండి విశాఖకు ప్యాసింజరు రైలులో వెళ్ళే మనిషి ఇల్లు విడిచిన రెండు రోజులకు చేరాడంటే, రైలు రెండు రోజులు నడిచిందని కాదు, పలాస ప్లాట్‌ఫారం మీదే చాలాసేపు ఉండిపోయాడని అర్థం. ఆ మిగిలిన రోజులలో వైరస్ ఎక్కువగా ఉండేది గాటు పడిన చోటనే, కండలోనే. కెనడాలో స్కంక్ అనే జంతువులపై చేసిన ప్రయోగంలో, చార్ల్‌టన్ బృందం 1997లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వైరస్ ఎక్కించిన రెండు నెలల తరువాత కూడా అది ఆ కండలో దొరికింది, వెన్నుపాములో దొరకలేదు. కండ కణాలలో అది కొద్దికొద్దిగా, అణగిమణగి పెరుగుతుంది. ఎప్పుడు, ఏ కారణంగా నరం కొనను అందుకుంటుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు.

టీకాకు చిక్కిన సమయం ఆ ప్లాట్‌ఫారం మీది సమయమే.

10. సాలూరు_లెక్కలు

మేడమ్, ఈ వివరణతో నా లెక్క కుదిరింది. కానీ ఒక సందేహం. రెండు నెలలు కండలో కూర్చున్న వైరస్‌ను మన శరీరమే ఎందుకు పసిగట్టదు? టీకాలో ఉన్నది కూడా చచ్చిన రేబిస్ వైరస్సే కదా. దానిని చూసి, వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు తయారుచేసే శరీరం, బతికి ఉన్న అసలు దానిని చూసి ఎందుకు చేయదు?

11. సూక్ష్మదర్శిని

ఈ ప్రశ్న నా తరగతిలో ఏడాదికి ఒక్కరు అడిగేవారు, అడిగినప్పుడు నాకు సంతోషంగా ఉండేది.

గాటులో పడేది చాలా తక్కువ వైరస్. అది కణాల లోపలికి వెళ్ళిపోతుంది, రక్తంలోకి రాదు, ఉన్న కణాన్ని చంపి గోల చేయదు. మన రక్షణ వ్యవస్థ కావలిదారులు తిరిగే చోట అది కనబడదు. నరంలో ప్రవేశించిందంటే మరీ మంచి దాపు. కనుకనే జబ్బు బయటపడే దాకా చాలామంది రోగుల రక్తంలో ప్రతిరక్షకాలు కనబడవు. పొంచి ఉన్న కాలంలో రేబిస్ సోకిందా లేదా అని తేల్చే రక్త పరీక్ష లేకపోవడానికి కూడా కారణం ఇదే.

టీకా దీనికి పూర్తిగా విరుద్ధం. చచ్చిన వైరస్‌ను పెద్ద మొత్తంలో, కావలిదారులు దండిగా ఉండే చర్మంలో, దాపరికం లేకుండా పెడతాము. వారు దానిని చంకలోని గ్రంథులకు మోసుకువెళతారు, అక్కడ ప్రతిరక్షకాల తయారీ మొదలవుతుంది. ఆ ప్రతిరక్షకాలు రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతాయి, పిక్కకూ వెళతాయి. కనుక గాలిపటం గారూ, నరం దారి అన్న మీ మాట నిజం, టీకా నరంలో వెళ్ళి పట్టుకుంటుందన్నది మాత్రం నిజం కాదు. టీకా భుజంలోనే ఉంటుంది. అది వైరస్‌ను తరమదు, వైరస్ రూపం ఎలా ఉంటుందో శరీరానికి చూపిస్తుంది. భుజాన్ని ఎంచుకోవడానికి మెదడు దగ్గరన్నది కారణం కాదు. అక్కడ కొవ్వు తక్కువ, స్పందన నమ్మకంగా వస్తుంది. పిరుదు మీద వేస్తే కొవ్వులో పడి స్పందన తగ్గుతుంది కాబట్టి అక్కడ వేయరు. రెండేళ్ళలోపు పిల్లలకు తొడ ముందు పక్క వేస్తారు.

12. గాలిపటం_72

ఒప్పుకుంటున్నాను. నేను పొరపాటుగా అనుకున్నది వంశధార గారు వాళ్ళ అమ్మగారికి చెప్పి ఉంటే, దయచేసి దానిని ఇప్పుడు దిద్దండి.

13. వంశధార_రైతు

ఇంకా చెప్పలేదు, మంచిదైంది. పెద్దాయనను వాళ్ళ అబ్బాయి, నేను కలిసి తీసుకువెళ్ళాము, ఇప్పుడే వచ్చాము. గాయం చుట్టూ గుచ్చి ఎక్కించే ఆ మందు, అదే సీరం, ముందు ఒకచోట లేదన్నారు, రెండోచోట దొరికింది. మా పిల్లవాడికి ఎక్కించిన దానికన్నా ఈయనకు చాలా ఎక్కువ ఎక్కించారు. అసలు టీకా ఉండగా ఈ సీరం ఎందుకు?

14. సబ్‌సెంటర్_సిస్టర్

తీసుకువెళ్ళినందుకు మీకు దండం పెడుతున్నాను.

సీరం ఎంత ఎక్కించాలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. గుర్రాల రక్తం నుండి తీసిన సీరం అయితే కిలోకు 40 యూనిట్లు. మీ మేనల్లుడు 20 కిలోలు అనుకుంటే 800 యూనిట్లు. ఆ సీసాలో మిల్లీలీటరుకు 300 యూనిట్లు ఉంటాయి కాబట్టి సుమారు 2.7 మిల్లీలీటర్లు, రెండు పంటి గాట్ల లోపలా చుట్టూ సరిపోతుంది. పెద్దాయన 60 కిలోలు అయితే 2,400 యూనిట్లు, అంటే 8 మిల్లీలీటర్లు. కానీ పెదవిలో 8 మిల్లీలీటర్లు పట్టదు. పట్టినంతవరకే, ఒక్క గాటు కూడా వదలకుండా ఎక్కిస్తారు. గాట్లు చాలా ఉండి మందు చాలకపోతే సెలైన్ కలిపి పెంచుకుంటారు గాని, ఒక గాటును వదిలివేయరు. మనిషి రక్తం నుండి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు చాలు. ఇప్పుడు కొన్నిచోట్ల ప్రయోగశాలలో తయారుచేసిన మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు కూడా వస్తున్నాయి, వాటి లెక్క వేరు.

ఎందుకన్నది మేడమ్ చెప్పాలి.

15. సూక్ష్మదర్శిని

సిస్టర్ గారు సరిగ్గా చెప్పారు. ఎందుకన్నది రోజుల లెక్కలో చూద్దాం.

ఆదివారం మొదటి టీకా పడింది. సరిపడినన్ని ప్రతిరక్షకాలు రక్తంలోకి రావడానికి 7 నుండి 14 రోజులు పడుతుంది. అంతవరకు పిక్కలోని వైరస్‌కు అడ్డు లేదు. అది ప్లాట్‌ఫారం మీద రెండు నెలలు కూర్చుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, కొన్ని వైరస్‌లు మొదటి వారంలోనే బండి ఎక్కవచ్చు. ముఖ్యంగా ముఖం, మెడ, చేతివేళ్ళ దగ్గర నరాల కొనలు దట్టంగా ఉంటాయి, ముఖం నుండి మెదడుకు దారి కూడా వేలెడంత. కాలి గాటుకు రెండు మూడు నెలలు పడితే, ముఖం మీది గాటుకు రెండు మూడు వారాలకే జబ్బు బయటపడవచ్చు. అలాంటి చోట ఒక్క టీకా మీద ఆధారపడితే ఆలస్యమైపోయే ప్రమాదం ఉంది.

సీరం అంటే వేరొక శరీరం ముందే తయారుచేసిపెట్టిన ప్రతిరక్షకాలు. వాటిని గాయంలోనే ఎక్కిస్తే, వైరస్ ముళ్ళకు అతుక్కొని నరం కొనను పట్టుకోకుండా చేస్తాయి. కనుక దాని పని అక్కడే, ఆ వారం పది రోజులకే. చేతికో పిరుదుకో సీరం వేసి గాయాన్ని వదిలేస్తే దాని ప్రయోజనం చాలావరకు పోతుంది. సబ్బుతో పావుగంట కడగడం కూడా అదే పోరాటంలో భాగం. ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకు అది నిలవదు. కారం, సున్నం పెడితే గాయం మండి, కండ రేగి, వైరస్‌కు లోపలి దారులు తెరుచుకునే అవకాశం ఉంటుంది.

మొదటి టీకా వేసిన 7 రోజులు దాటిన తరువాత సీరం ఇవ్వరు. అప్పటికి సొంత ప్రతిరక్షకాలు వస్తుంటాయి, బయటివి కలిపితే వాటి తయారీ మందగించవచ్చు. సీరం మోతాదును పెంచకపోవడానికి కూడా అదే కారణం.

16. పలాస_జీడిపిక్క

నేను అడిగినదానికి సిస్టర్ గారు జవాబిచ్చారు, ధన్యవాదాలు. కానీ పసరు మందును అంత తీసివేయకండి. మా తాతగారిని పిచ్చికుక్క కరిస్తే పసరు మింగి, నలభై రోజులు పథ్యం చేసి, తరువాత ముప్పై ఏళ్ళు బతికారు. మా ఊరిలో ఇలాంటివారు పదిమంది ఉన్నారు.

17. పశువైద్య_బొబ్బిలి

మీ తాతగారిని కరిచిన కుక్కకు నిజంగా రేబిస్ ఉన్నదని తేల్చినది ఎవరు? దాని మెదడును పరీక్షించారా? నా అనుభవంలో పిచ్చికుక్క అని చెప్పి కొట్టి చంపిన కుక్కలలో చాలావాటికి రేబిస్ ఉండదు. పిల్లలు పెట్టిన తల్లికుక్కలు, దెబ్బ తిన్న కుక్కలు, ఆకలితో ఉన్నవి కూడా కరుస్తాయి. నిజంగా రేబిస్ ఉన్న కుక్క కరిచినా ప్రతి గాటూ జబ్బుగా మారదు. పంటి లోతు, లాలాజలంలో వైరస్ ఎంత ఉన్నది, గుడ్డ అడ్డుపడిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

18. సూక్ష్మదర్శిని

డాక్టరు గారి మాటకు ఒకటి కలుపుతాను. ఈ జబ్బు ఎంతకాలం పొంచి ఉంటుందో అంతకాలం పసరు ఇచ్చేవారికి కూడా పేరు వస్తుంది. పసరు మింగిన మనిషి నలభై రోజులు పథ్యం చేసి ఆరోగ్యంగా లేస్తాడు, వైద్యుడికి తాంబూలం అందుతుంది. మూడవ నెలలో మానిన గాటు దగ్గర తిమ్మిరి, దురద మొదలై, నీళ్ళు చూస్తే గొంతు బిగిసి అతడు పోతే, దానిని ఎవరూ ఆ పసరుతో ముడిపెట్టరు. టీకాకు అవకాశమిచ్చిన ఆ సమయమే పసరుకు నమ్మకాన్ని కూడా ఇచ్చింది. మీ తాతగారు బతికినందుకు నాకు సంతోషమే, కానీ ఆ పదిమందిలో లేనివారి లెక్క కూడా ఊరిలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

గాటు దగ్గరి ఆ తిమ్మిరిని గురించి చెప్పవలసి ఉంది. స్పర్శ నరం కణాలు వెన్నుపాము పక్కన ముడులుగా ఉంటాయి, వైరస్ అక్కడికి చేరి పెరగడం మొదలుపెట్టినప్పుడు పాత గాటు దగ్గర ఏదో పాకినట్టు అనిపిస్తుంది. చాలామంది రోగులలో మొదటి గుర్తు అదే. అప్పటికి టీకా పనిచేయదు. నాడీకణాల లోపల ఉన్న వైరస్‌ను ప్రతిరక్షకాలు అందుకోలేవు, మెదడుకూ రక్తానికీ మధ్య ఉన్న అడ్డుగోడ వాటిని లోపలికి రానివ్వదు. 2004లో అమెరికాలో టీకా వేయించుకోని ఒక అమ్మాయిని మందులతో కోమాలో ఉంచి బతికించారు, కానీ అదే పద్ధతిని తరువాత వాడినప్పుడు చాలావరకు విఫలమైంది. ఆ అమ్మాయి ఎందుకు బతికిందో ఈనాటికీ తెగని చర్చే.

19. పలాస_జీడిపిక్క

మా తాతగారి తమ్ముడి కొడుకు ఒకాయన నీళ్ళంటే భయపడి పోయాడని అమ్మ చెప్పేది. పసరు మింగాడో లేదో నాకు తెలియదు. అమ్మను అడుగుతాను.

నా పద్నాలుగు సూదుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

20. సూక్ష్మదర్శిని

ఆ రోజుల్లో టీకాను గొర్రె మెదడులో వైరస్ పెంచి, దానిని చంపి తయారుచేసేవారు. కసౌలీలో 1911లో సెంపుల్ అనే వైద్యుడు రూపొందించిన పద్ధతి అది. మనకు దక్షిణాదిన కూనూరు సంస్థ నుండి వచ్చేది. అందులో అసలు సరకు తక్కువ, మెదడు కణజాలం ఎక్కువ, కాబట్టి రోజుల తరబడి ఎక్కువెక్కువ మోతాదు వేయవలసి వచ్చేది. పొట్ట మీద చోటు ఎక్కువ గనుక అక్కడ వేసేవారు. ఆ మెదడు కణజాలం వల్ల కొందరికి పక్షవాతం వంటి చిక్కులు కూడా వచ్చేవి. ఇప్పుడు కణాలను పెంచి వాటిలో వైరస్‌ను తయారుచేసి శుద్ధి చేస్తారు, అందువల్ల చర్మంలో 0.1 మిల్లీలీటరు చొప్పున రెండుచోట్ల వేస్తే చాలు. పాశ్చర్ 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి వేసింది కూడా ఎండబెట్టిన కుందేలు వెన్నుపాము నుండి తీసినదే. కరిచిన రెండు రోజులకు మొదలుపెట్టి పది పన్నెండు రోజులలో 13 సార్లు వేశారు. వైరస్ అంటే ఏమిటో తెలియని రోజులలో ఆయన పట్టుకున్నది ఈ సమయాన్నే.

21. పశువైద్య_బొబ్బిలి

వంశధార గారూ, కుక్కను పూడ్చకుండా ఉంటే మెదడును పరీక్షకు పంపేవాళ్ళం. ఇప్పుడు తవ్వవద్దు, ముఖ్యంగా మీ అంతట మీరు. ఫలితం ఏదైనా పిల్లవాడికి వేయవలసిన టీకా మారదు.

ఇకముందు ఎవరినైనా కరిచిన కుక్కను గుర్తుపట్టగలిగితే చంపకండి, దూరంగా 10 రోజులు గమనించండి. కుక్క లాలాజలంలో వైరస్ వచ్చేసరికి దానికి జబ్బు దగ్గర పడినట్టే, సాధారణంగా ఆ పది రోజులలోనే చనిపోతుంది. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదన్నమాట. అయితే టీకా మొదలుపెట్టకుండా ఆ పది రోజులు కూర్చోకూడదు. మొదలుపెట్టాక, కుక్క బతికి ఉన్నా, డాక్టరును అడగకుండా 28వ రోజు సూది మానకూడదు.

నేను ఈ వృత్తిలోకి వచ్చినప్పుడే ముందుజాగ్రత్తగా టీకాలు వేయించుకున్నాను. ఒకసారి కరిపించుకున్నాను కూడా. అప్పుడు నాకు 0, 3 రోజులలో రెండే వేశారు, సీరం వేయలేదు. ఒకసారి వైరస్‌ను చూసిన శరీరం రెండోసారి వారం లోపలే ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది.

22. వంశధార_రైతు

అమ్మకు మొత్తం చదివి వినిపించాను. ప్లాట్‌ఫారం మాట వినగానే ఆమె, అయితే బండి ఎక్కేలోపలే పట్టుకోవాలన్నమాట అంది. ఆ తరువాత తనే వీధిలో అడిగి ఒక సంగతి తెలుసుకుంది. మా ఊరిలో జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళే ఒకామెను మూడు వారాల క్రితం కుక్క చేతి మీద కరిచిందట. ఆమె కూడా పసరే మింగింది. ఇప్పుడు ఆలస్యమైపోయిందా? సీరం 7 రోజుల తరువాత ఇవ్వరని మేడమ్ చెప్పారు కదా.

23. పశువైద్య_బొబ్బిలి

ఆమెను కరిచినదీ, మొన్న చచ్చినదీ ఒకే కుక్క అయితే భయపడనక్కరలేదని నా అభిప్రాయం. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క మూడు వారాలు బతకదు.

24. సూక్ష్మదర్శిని

డాక్టరు గారి తర్కం సరైనదే, కానీ అది ఒకే కుక్క అన్నది ఎవరు ప్రమాణం చేయగలరు? తోటలో సాయంత్రం చీకట్లో కరిచిన వీధికుక్క అది. గుర్తు తెలియని కుక్క అనే భావించాలి.

వంశధార గారూ, ఆ 7 రోజులు లెక్కించేది కరిచిన రోజు నుండి కాదు, మొదటి టీకా వేసిన రోజు నుండి. ఆమెకు టీకా ఒక్కటి కూడా పడలేదు కాబట్టి ఆమెకు ఇంకా ఆ గడువు మొదలే కాలేదు. చేయి నరాలు దట్టంగా ఉండే చోటు, మూడు వారాలు గడిచాయి. ఆమె చేతిలో ఆ వైరస్ ఉంటే అది ఇంకా కండలో ఉన్నదో నరం ఎక్కిందో చెప్పే పరీక్ష లేదు. ఇంకా కండలోనే ఉన్నదనుకొని, ఈ రోజే కరిచినట్టుగా మొత్తం వైద్యం చేయాలి. మానిన గాటు చుట్టూనే సీరం ఎక్కిస్తారు. గాటు దగ్గర తిమ్మిరిగాని దురదగాని ఉన్నదా అని అడిగి, డాక్టరుకు చెప్పండి.

25. సబ్‌సెంటర్_సిస్టర్

సీరం ఉన్నదో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కొని బయలుదేరండి, మొన్నటిలా తిరగవలసిన అవసరం రాదు. కూలి పోతుందని ఆమె వెనకాడితే ఊరి ఆశా కార్యకర్తను వెంట పంపమని అడగండి. నాకు ఎక్కువగా ఎదురయ్యేది మొదటి రోజు రాకపోవడం కాదు. మూడు సూదుల తరువాత గాయం మానిపోయిందని 28వ రోజు రాకపోవడం.

26. వంశధార_రైతు

తిమ్మిరి లేదంటున్నది. గాటు మచ్చ కూడా సరిగా కనబడటం లేదు, తనే చూపించింది. ఉదయం మొదటి బస్సుకు అమ్మే ఆమెను తీసుకువెళుతోంది. పిల్లవాడి మూడవ రోజు సూది కూడా రేపే కాబట్టి ముగ్గురూ కలిసి వెళతారు. నాలుగు వాయిదాల తేదీలనూ అమ్మ గోడ మీద బొగ్గుతో రాయించుకుంది.